రొమ్ము తీసేసిన ఎనిమిదేళ్ళకు వెన్నులో క్యాన్సర్: ఒక కేసు

ఆమె వయసు 58. ఎనిమిదేళ్ళ క్రితం ఎడమ రొమ్ములో 3.2 సెంటీమీటర్ల గడ్డకు ఆపరేషన్ జరిగింది. రొమ్ము మొత్తం తీసేశారు. చంకలోంచి తీసిన 16 లింఫ్ గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉంది. ఈస్ట్రోజన్ రిసెప్టర్ బలంగా పాజిటివ్, అంటే ఆ హార్మోన్‌తో పెరిగే రకం. హెర్2 అనే ఎదుగుదల ప్రొటీన్ నెగెటివ్. తర్వాత కీమో, రేడియేషన్, అయిదేళ్ళపాటు ఈస్ట్రోజన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్రలు. ఏదీ మధ్యలో మానలేదు. మాత్రల కోర్సు ముగిశాక మూడేళ్ళు బాగానే ఉన్నారు. గుర్తుపట్టడానికి వీలిచ్చే మిగతా వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు.

మా దగ్గరికి వచ్చేసరికి నడుం నొప్పి మొదలై మూడు నెలలైంది. ఊళ్ళో మొదట ఇంజెక్షన్లు చేశారు, తర్వాత ఎముకలు అరిగాయని కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఇచ్చారు. ఆ వయసు ఆడవాళ్ళకు నడుం నొప్పి అంటే ఎవరైనా చేసే పనే అది, తప్పు పట్టను. కానీ ఆమె చెప్పిన రెండు విషయాలు అరుగుదలకు సరిపోవు. ఒకటి, "పగలు పనిలో ఉంటే పర్లేదండీ, మంచం మీద వాలితే చాలు మొదలవుతుంది" అన్నారు. అరుగుదల నొప్పి పడుకుంటే తగ్గుతుంది. రెండోది నొప్పి గురించి కాదు. నెల రోజులుగా విపరీతమైన దాహం, రాత్రి పదే పదే మూత్రానికి లేవడం, మలబద్ధకం. షుగరేమోనని ఇంట్లోవాళ్ళు పరీక్ష చేయించారు, నార్మల్‌గా ఉంది. రెండు మూడు రోజులుగా మాత్రం మనిషి మగతగా ఉంటున్నారని కోడలు చెప్పింది.

రక్తంలో కాల్షియం 12.1 వచ్చింది. అల్బుమిన్ 3.0 మాత్రమే ఉంది కాబట్టి సరిచేసి చూడాలి. అల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలుపుతాం. అంటే అసలు లెక్క 12.9. మామూలుగా 10.5 దాటకూడదు. క్రియాటినిన్ 1.3, ఎముకలో మార్పులు జరిగితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ బాగా ఎక్కువ, పారాథైరాయిడ్ హార్మోన్ బాగా తక్కువ. హార్మోన్ తక్కువగా ఉండి కాల్షియం పెరిగిందంటే పారాథైరాయిడ్ గ్రంథి తప్పు కాదు, కాల్షియం వేరే చోటునుంచి వచ్చి పడుతోంది. పైగా ఆమె రోజూ కాల్షియం మాత్ర వేసుకుంటున్నారు. ముందు ఆ మాత్ర ఆపించి, సెలైన్ పెట్టాం.

నడుం ఎక్స్-రేని నిటారుగా చూస్తే ప్రతి వెన్నుపూసకు రెండు కళ్ళలాంటి గుండ్రని నీడలు కనిపిస్తాయి. అవి పెడికిల్స్. ఎల్2 పూసలో ఎడమ కన్ను లేదు. చూడటం అలవాటున్నవాళ్ళకు ఒక్క చూపులో దొరుకుతుంది, లేనివాళ్ళు రిపోర్టులో 'వయసు మార్పులు' అని రాసేస్తారు. పూసలో ఖనిజం మూడో వంతు నుంచి సగం దాకా పోతేగాని ఎక్స్-రేలో మచ్చ కనపడదు. అందుకే నొప్పి మొదలైనప్పుడు తీసిన ఎక్స్-రే బాగుందన్న మాటకు విలువ తక్కువ.

మన దగ్గర వెన్ను నొప్పి, బరువు తగ్గడం, పూస దెబ్బతినడం కలిసి కనపడితే టీబీని పక్కన పెట్టడానికి లేదు. ఎంఆర్ఐలో తేడా చాలావరకు తెలుస్తుంది. టీబీ ఎక్కువగా రెండు పూసల అంచుల దగ్గర పట్టి, మధ్యలో ఉన్న డిస్క్‌ను తినేస్తుంది, పక్కన చీము చేరుతుంది. క్యాన్సర్ డిస్క్ జోలికి పెద్దగా పోదు, పూస లోపల, పెడికిల్‌లో కూర్చుంటుంది, ఒకదానికొకటి దూరంగా ఉన్న పూసల్లో కనిపిస్తుంది. ఈమెకు ఎల్2, డీ11 రెండూ పోయాయి, మధ్య పూసలు బాగున్నాయి, డిస్కులు చెక్కుచెదరలేదు. వెన్నుపాము మీద ఒత్తిడి లేదు. పెట్-సీటీలో కుడి తుంటి ఎముకలో ఇంకో మచ్చ దొరికింది. ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి సీరం ఎలక్ట్రోఫోరెసిస్ చేశాం, అదీ మామూలుగానే వచ్చింది.

బయాప్సీ దగ్గర ఇంట్లో గొడవైంది. ముక్క తీస్తే, గాలి తగిలితే క్యాన్సర్ పాకుతుందని పెద్దవాళ్ళ భయం. వాళ్ళ అబ్బాయి అడిగిన ప్రశ్న మాత్రం వేరు: "రొమ్ము మొత్తం తీసేశారు కదా డాక్టర్ గారూ, అయిదేళ్ళు మాత్రలు కూడా వాడింది. మరి వెన్నులోకి ఎక్కడ్నించి వచ్చింది?" దానికి జవాబు చెబితేనే ముక్క ఎందుకు తీయాలో, మందు ఎందుకు అలా ఇస్తామో అర్థమవుతుంది. అక్కడ చెప్పినదాన్ని కొంచెం విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

ఆ కణాలు ఆపరేషన్‌కి ముందే బయల్దేరాయి. రొమ్ములో క్యాన్సర్ పుట్టేది ఎక్కువగా పాలనాళాల లోపలి పొరలో. నాళం చుట్టూ మయోఎపిథీలియల్ కణాల వరుస, దాని బయట బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచని పొర ఉంటాయి. క్యాన్సర్ ఆ పొర లోపలే ఉన్నంతకాలం, గడ్డ ఎంత పెద్దదైనా, వేరే చోటికి పోలేదు, ఎందుకంటే నాళం లోపల రక్తనాళాలు లేవు. పొర తెగిన రోజు నుంచి కథ మారుతుంది. తెంచే పని కొంత క్యాన్సర్ కణాలు విడుదల చేసే ఎంజైములది. కొంత మాత్రం మన ఒంటి కణాలదే. గాయాలు మాన్చడానికి వచ్చే మాక్రోఫేజ్‌లు గడ్డ చుట్టూ చేరి, ఎదగడానికి సంకేతాలిస్తూ, క్యాన్సర్ కణాలతో పాటే కొలాజెన్ పోగుల వెంట రక్తనాళం దాకా నడుస్తాయి. బతికున్న ఎలుకల్లో మైక్రోస్కోప్‌తో ఈ నడకను చూశారు.

నడవాలంటే కణం పక్క కణాల పట్టు వదిలించుకోవాలి. ఆ పట్టు ఇచ్చేది ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్. దాన్ని తగ్గించుకుని, ఆకారం మార్చుకుని విడిగా కదలడం ఒక పద్ధతి. కానీ పాఠాల్లో రాసినట్టు ప్రతి కణం ఒంటరిగా వెళ్ళదు. నాళాల్లో పుట్టే రకంలో చాలాసార్లు చిన్న గుంపుగా, ఒకదాన్నొకటి పట్టుకునే కదులుతాయి. పాత పాథాలజీ రిపోర్ట్ తెప్పించి చూశాం. 'లింఫోవాస్క్యులర్ ఇన్వేజన్: ఉంది' అని ఒక్క లైను ఉంది. అంటే ఆ రోజు స్లైడ్ మీదే, సన్నని నాళం లోపల క్యాన్సర్ కణాల గుంపు కనిపించింది. ఎనిమిదేళ్ళ తర్వాతి వెన్ను నొప్పికి మొదటి ఆధారం ఆ లైనే.

రక్తంలోకి దిగిన కణాల్లో దాదాపు అన్నీ చనిపోతాయి. ఈ విషయం రోగుల బంధువులకు చెబితే నమ్మరు. రక్తంలో ఒక క్యాన్సర్ కణం పడితే చాలు ఒళ్ళంతా పాకుతుందనుకుంటారు. 1970లో ఐజయా ఫిడ్లర్ ఎలుకల రక్తంలోకి రేడియోధార్మిక గుర్తు పెట్టిన మెలనోమా కణాలు ఎక్కించి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాడు. ఒక్క రోజు తిరిగేసరికి నూటికి ఒకటి కూడా బతికి లేదు. ఆధారం పట్టుకుని బతకడానికి అలవాటుపడిన కణం విడిపోతే తనంతట తనే చచ్చిపోతుంది. ప్రవాహపు ఒరిపిడి కొన్నిటిని చీలుస్తుంది. రోగనిరోధక వ్యవస్థలోని ఎన్‌కే కణాలు కొన్నిటిని చంపుతాయి. రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు సగానికి తగ్గడానికి గంట నుంచి రెండున్నర గంటలలోపే పడుతుందని లెక్కగట్టారు.

బతికే కొన్ని ఎలా బతుకుతాయంటే, ప్లేట్‌లెట్లు ఒంటికి అంటించుకుని ఎన్‌కే కణాలకు చిక్కకుండా దాక్కుంటాయి. లేదా గుంపుగా వస్తాయి. ఎలుకల్లో 2014లో చేసిన పనిలో, విడి కణాలతో పోలిస్తే గుంపులకు కొత్త గడ్డ పెట్టే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని తేలింది. వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో 7.5 మిల్లీలీటర్ల రక్తంలో అయిదు కణాలు, అంతకన్నా ఎక్కువ దొరికితే జబ్బు గడ్డుగా ఉన్నట్టు. అయినా ఈ పరీక్ష మన దగ్గర రోజువారీ వైద్యంలో పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. ఆ సంఖ్య చూసి మందు మారిస్తే రోగికి ఎక్కువకాలం మేలు జరిగినట్టు చూపించలేకపోయారు.

సూది భయానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎల్2 పూసలో ఉన్న గడ్డ తనంతట తనే రోజూ రక్తంలోకి కణాలు వదులుతోంది. సూదితో ఒక్కసారి తీసే ముక్క దానికి కొత్త దారి ఇవ్వదు. రక్తంలో పడటం కాదు, ఎక్కడో ఒకచోట కుదురుకోవడమే ఆ కణానికి కష్టం. ఇది విన్నాక ఒప్పుకున్నారు.

ఇక వెన్నే ఎందుకు? రొమ్ము నుంచి వచ్చే సిరల రక్తం గుండె కుడివైపుకు, అక్కడ్నించి ఊపిరితిత్తులకు వెళ్తుంది. కాబట్టి మొదట చిక్కుకోవలసింది ఊపిరితిత్తుల సన్న నాళాల్లో. పేగు క్యాన్సర్ పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి పోయి అక్కడే పడుతుంది, అందులో వింత లేదు. ఈమె ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి వెన్ను ఎందుకు పట్టినట్టు? ఒక కారణం దారి. 1940లో బ్యాట్సన్ అనే అనాటమిస్ట్ వెన్ను చుట్టూ ఉన్న సిరల వలను వివరించాడు. వాటికి కవాటాలు ఉండవు. దగ్గినా, ముక్కినా ఒత్తిడి పెరిగి రక్తం వెనక్కి తిరుగుతుంది. రొమ్ము వెనక పక్కటెముకల సిరలు ఆ వలతో కలుస్తాయి. ఊపిరితిత్తులను తాకకుండానే వెన్నుపూసలోకి చేరే అడ్డదారి అది.

కానీ దారి ఒక్కటే చాలదు. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది వివరాలు పరిశీలించి, గడ్డలు పడిన చోట్లు రక్తం పోయే దారిని బట్టి లేవని గమనించాడు. విత్తనం అన్నివైపులా పడుతుంది, తగిన నేలలోనే మొలుస్తుంది అన్నాడు. ఎముక మజ్జ విషయంలో ఆ నేల ఏమిటో ఇప్పుడు చాలా తెలుసు. మజ్జలోని సైనసాయిడ్ నాళాల గోడ సందులతో ఉంటుంది, ప్రవాహం నెమ్మది. కాలేయం నాళాలూ అలాంటివే. ఊపిరితిత్తుల నాళాల గోడ మాత్రం బిగుతుగా అతుక్కుని ఉంటుంది, దాన్ని దాటడానికి కణానికి అదనపు సామర్థ్యం కావాలి. పైగా మజ్జ తన మూలకణాలను దగ్గర ఉంచుకోవడానికి సీఎక్స్‌సీఎల్12 అనే సంకేతం విడుదల చేస్తుంది. దాన్ని అందుకునే రిసెప్టర్ రొమ్ము క్యాన్సర్ కణాల మీదా ఉంటుందని 2001లో చూపించారు. మజ్జ తన సొంత కణాల కోసం వేసిన పిలుపు అందుకుని ఇవి వచ్చి కూర్చుంటాయి.

వచ్చిన వెంటనే పెరగవు. ఎనిమిదేళ్ళ ఆలస్యానికి కారణం అదే. 2005లో వచ్చిన ఒక విశ్లేషణలో, 4,703 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు జబ్బు కనుగొన్న సమయంలోనే మజ్జ తీసి చూస్తే, దాదాపు 31 శాతం మందిలో క్యాన్సర్ కణాలున్నాయి. వాళ్ళందరికీ ఎముకలో గడ్డ రాలేదు. ఆ కణాలు విభజన ఆపేసి పడి ఉంటాయి. విభజన జరిగే కణాలను దెబ్బతీసే కీమో వాటిని పెద్దగా తాకదు. లెట్రోజోల్ ఈస్ట్రోజన్‌ను తీసేస్తుంది కాబట్టి లేవనివ్వదు, కానీ అన్నిటినీ చంపదు. అయిదేళ్ళ మాత్రలు అయ్యాక కూడా ముప్పు ఆగదన్నది 2017లో పెద్ద లెక్కలతో తేలింది. ఈమెలాంటి గడ్డ, అంటే రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల సైజు, ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో జబ్బు ఉన్నవాళ్ళలో, అయిదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడులోపు దూరపు అవయవాల్లో తిరగబెట్టే అవకాశం 26 శాతం. 'అయిదేళ్ళు దాటాయి, ఇక భయం లేదు' అన్న మాట హార్మోన్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌లో చెప్పకూడదు. కొత్త నొప్పి వస్తే పాత జబ్బు సంగతి డాక్టర్‌కి చెప్పండి అనాలి. ఈమె ఊళ్ళో నడుం నొప్పికి వెళ్ళినప్పుడు పాత ఆపరేషన్ మాటే ఎత్తలేదు. అది అయిపోయిన సంగతి అనుకున్నారు.

లేచిన కణం ఎముకను తానే తినలేదు. ఎముకను కరిగించే పని మన ఆస్టియోక్లాస్ట్‌లు చేస్తాయి, రోజూ కొంచెం కొంచెంగా పాత ఎముకను తీసేసేవి అవే. క్యాన్సర్ కణం పారాథైరాయిడ్ హార్మోన్‌ను పోలిన పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రొటీన్ విడుదల చేస్తుంది. అది ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లతో ర్యాంక్-లిగాండ్ అనే సంకేతాన్ని ఎక్కువగా ఇప్పిస్తుంది. దాంతో ఆస్టియోక్లాస్ట్‌లు పెరిగి ఎముకను కరిగిస్తాయి. కరిగిన ఎముకలో నిల్వ ఉన్న టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్ లాంటి ఎదుగుదల పదార్థాలు బయటపడతాయి, వాటితో క్యాన్సర్ కణం ఇంకా పెరుగుతుంది, పీటీహెచ్‌ఆర్‌పీ ఇంకా ఎక్కువ విడుదల చేస్తుంది. ఈ చక్రం తిరగడం మొదలయ్యాక తనంతట ఆగదు.

ఆమె రక్తంలో 12.9 కాల్షియం ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. కరిగిన పూసలది. కాల్షియం ఎక్కువైతే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. అందుకే దాహం, మూత్రం. నీరు పోతే కాల్షియం ఇంకా చిక్కబడి మగత వచ్చింది. పారాథైరాయిడ్ హార్మోన్ తగ్గడం గ్రంథి సరిగ్గా పనిచేస్తోందన్న గుర్తు. మామూలు ల్యాబ్ పరీక్ష కొలిచేది ఆ హార్మోన్‌నే, పీటీహెచ్‌ఆర్‌పీని కాదు.

వైద్యం కూడా ఈ చక్రంలో ఎక్కడ అడ్డం పడాలో చూసుకునే సాగింది. నీరు ఎక్కించాక జోలెడ్రానిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు పదిహేను నిమిషాల్లో ఎక్కించాం. అది ఎముకకు అంటుకుని, దాన్ని తినడానికి వచ్చిన ఆస్టియోక్లాస్ట్‌ను చంపుతుంది. కాల్షియం మూడో రోజుకు దిగింది, మగత పోయింది. ఎల్2కి రేడియేషన్ ఒకే విడతలో 8 గ్రే ఇచ్చాం. ఎముక నొప్పికి పది విడతలు ఇచ్చినా ఒక్క విడత ఇచ్చినా నొప్పి తగ్గడంలో తేడా లేదు. కాకపోతే ఒక్క విడత తీసుకున్నవాళ్ళకు మళ్ళీ ఇవ్వాల్సి రావడం కొంచెం ఎక్కువ. దూరం నుంచి వచ్చేవాళ్ళకు నేను ఒక్క విడతే ఎంచుకుంటాను.

బయాప్సీలో ఈస్ట్రోజన్ రిసెప్టర్ అలాగే ఉంది, ప్రొజెస్టరాన్ రిసెప్టర్ పోయింది, హెర్2 నెగెటివ్. ఎముక ముక్క పంపేటప్పుడు ల్యాబ్‌కి ఒక మాట చెప్పి తీరాలి. ఎముకను మెత్తబరచడానికి ఘాటైన యాసిడ్ వాడితే రిసెప్టర్ రంగు పట్టదు, పాజిటివ్ జబ్బు నెగెటివ్‌గా వస్తుంది, రోగికి అక్కర్లేని కీమో మొదలవుతుంది. ఈడీటీఏతో మెత్తబరచమని అడగాలి. వీలైతే ఎముకలోంచి బయటికి పెరిగిన మెత్తటి భాగంలోంచే ముక్క తీయాలి.

లెట్రోజోల్ ఆపిన మూడేళ్ళకు తిరగబెట్టింది కాబట్టి ఆ మందుకు జబ్బు మొండికేయలేదు. మళ్ళీ లెట్రోజోల్ మొదలుపెట్టి, దానికి కణ విభజనను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ జత చేశాం. ఇదే పని చేసే రైబోసిక్లిబ్‌కి ఆయుష్షు పెంచిన ఆధారం ఎక్కువ ఉంది, నా మొదటి ఎంపిక అదే. కానీ నెలనెలా కొనాల్సిన మందు. పాల్బోసిక్లిబ్‌కి జెనెరిక్‌లు వచ్చి ధర బాగా తగ్గింది, ఇంట్లోవాళ్ళు మోయగలిగింది అదే. మధ్యలో ఆగే మంచి మందు కన్నా ఆగకుండా సాగే మందు మేలు.

ఊళ్ళో ఇచ్చిన కాల్షియం, విటమిన్ డి మాత్రలను కాల్షియం మామూలు స్థితికి వచ్చాక మేమే మళ్ళీ మొదలుపెట్టాం. ఆమెకు నవ్వొచ్చింది. కారణం ఉంది. జోలెడ్రానిక్ యాసిడ్ ఎముక కరగడాన్ని ఆపేశాక, రక్తంలో కాల్షియం తగ్గిపోయే ప్రమాదం మొదలవుతుంది. జోలెడ్రానిక్ యాసిడ్ మూడు నెలలకోసారి సరిపోతుంది. ప్రతిసారీ క్రియాటినిన్ చూసి మోతాదు వేస్తాం. మొదటి డోస్ అత్యవసరంగా ఇవ్వాల్సి వచ్చింది కాబట్టి కుదరలేదు గానీ, రెండోదానికి ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించి కదులుతున్న ఒక పన్ను తీయించి, పుండు మానేదాకా ఆగాం. ఈ మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోవచ్చు.

మూడో నెలలో తీసిన సీటీ ఇంట్లో మళ్ళీ టెన్షన్ పెట్టింది. 'డీ9లో, త్రికాస్థిలో కొత్త తెల్ల మచ్చలు, జబ్బు పెరిగింది' అని రిపోర్ట్. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా ముందుకన్నా కొంచెం పెరిగింది. కానీ ఆమె నొప్పి మాత్రలు మానేశారు, కాల్షియం మామూలుగా ఉంది, ఎల్2లో నల్లగా ఉన్న గుంత చుట్టూ తెల్లటి అంచు కట్టింది. మందు పనిచేసినప్పుడు ఆస్టియోబ్లాస్ట్‌లు తిరిగి ఎముక కట్టడం మొదలుపెడతాయి. అంతకుముందు కనపడనంత చిన్నగా ఉన్న మచ్చలు కూడా అప్పుడు తెల్లగా తేలతాయి. దీన్ని ఫ్లేర్ అంటాం. మొదటి మూడు నాలుగు నెలల్లో వచ్చిన తెల్ల మచ్చను చూసి మందు మార్చడం చాలాచోట్ల జరిగే పొరపాటు. నల్ల గుంత పెద్దదైనా, ఎముక చుట్టూ మెత్తటి గడ్డ పెరిగినా, కొత్త నొప్పి వచ్చినా అది వేరే సంగతి. ఇవేవీ లేవు కాబట్టి మందు మార్చలేదు. ఆరో నెల సీటీలో ఆ మచ్చలు అంతే ఉన్నాయి, కొత్తవి రాలేదు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దిగింది.

ఇప్పుడు ఏడాది దాటింది. ఎముకలు నిలకడగా ఉన్నాయి. నెలనెలా తెల్లకణాల లెక్క చూసి పాల్బోసిక్లిబ్ ఇస్తున్నాం, ఒకసారి లెక్క తగ్గితే వారం ఆపి మొదలుపెట్టాం. కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిర్లొచ్చినా, మూత్రం పట్టు తప్పినా ఫోన్ చేయకుండా నేరుగా రమ్మని కోడలికి చెప్పి ఉంచాం, డీ11 దగ్గర వెన్నుపాము మీద ఒత్తిడి పడితే గంటలే లెక్క. లెట్రోజోల్‌కి లొంగని కణాలు పుట్టినప్పుడు తర్వాతి చోటు చాలామందిలో కాలేయం అవుతుంది. అందుకని స్కాన్‌ల మధ్యలో కూడా ఆమె లివర్ పరీక్షల రిపోర్ట్‌లు మేం పక్కన పెట్టడం లేదు.